ఫోల్డర్‌లో వేసిన బొమ్మ పోస్టుగా మారే దారిలో ఎక్కడ చిక్కుపడుతుంది, ఎందుకు?

ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక బొమ్మను, దాని పక్కన క్యాప్షన్ రాసిన చిన్న టెక్స్ట్ ఫైల్‌ను వేస్తే, నిర్ణీత సమయానికి అవి రెండూ కలిసి సోషల్ మీడియాలో ఒక పోస్టుగా బయటికి వెళ్తాయి. లాగిన్ అవసరం లేదు, నింపవలసిన ఫారం లేదు, ఫైల్‌ను లాగి వదలడం తెలిసిన ప్రతివారికీ ఈ పద్ధతి అర్థమవుతుంది. ప్రోగ్రామ్ రాసేవారికి కూడా ఇది తేలికగానే కనిపిస్తుంది: ఫోల్డర్‌ను చూసి, ఉన్న ఫైళ్లను పంపి, పంపినవాటిని పక్కకు తరలించే స్క్రిప్ట్ ముప్పై నలభై వరుసలు దాటదు.

మొదటి వారం అంతా సవ్యంగా నడుస్తుంది. ఆ తరవాత ఒకరోజు కింది సగం బూడిదరంగులో ఉన్న బొమ్మ వెళ్తుంది. ఇంకొకరోజు క్యాప్షన్ లేకుండా వెళ్తుంది. మరొకరోజు ఒకే పోస్ట్ రెండుసార్లు వెళ్తుంది. చూడడానికి ఇవి మూడు వేరువేరు తప్పులు, కాని మూలం ఒక్కటే. ఫోల్డర్ మనకు చెప్పగలిగేది ఒకే ఒక సంగతి: ఈ పేరుతో ఒక ఫైల్ ఉంది అని. ఆ ఫైల్ పూర్తిగా వచ్చిందా, దాని జత వచ్చిందా, దాన్ని ఇప్పటికే పంపేశామా అన్న ప్రశ్నలకు ఫోల్డర్ దగ్గర జవాబు లేదు. ఈ పద్ధతి రూపకల్పన అంటే ఆ మూడు ప్రశ్నలకు జవాబులను ఎక్కడ రాసిపెట్టుకోవాలో నిర్ణయించుకోవడమే.

## ఫైల్ ఉన్న చోటే దాని స్థితి

క్యూ అంటే తమ వంతు కోసం వేచి ఉన్న పనుల వరుస. ఫోల్డర్‌ను క్యూగా వాడేటప్పుడు ప్రతి పని ఒక ఫైల్, లేదా కొన్ని ఫైళ్ల గుంపు. ఆ పని ఏ దశలో ఉందో తెలిపే సులువైన మార్గం ఒక్కో దశకు ఒక్కో ఫోల్డర్ కేటాయించడం.

```
queue/
  incoming/   వేసేవారు వేసే చోటు
  ready/      తనిఖీ పూర్తయి, వంతు కోసం ఉన్నవి
  sending/    ఇప్పుడు పంపుతున్నవి
  sent/       వెళ్లిపోయినవి
  failed/     మనిషి చూడవలసినవి
```

మనుషులు ఫైళ్లు వేసేది `incoming` లో మాత్రమే. మిగతా నాలుగింటిలోకి ఫైళ్లను ప్రోగ్రామ్ మాత్రమే చేరుస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. డేనియల్ జె. బెర్న్‌స్టీన్ 1990ల దశకంలో తన క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం రూపొందించిన మెయిల్‌డిర్ పద్ధతి ఇదే సూత్రం మీద నిలిచింది: ఉత్తరాన్ని ముందు `tmp` ఫోల్డర్‌లో రాసి, పూర్తయ్యాక `new` లోకి, చదివే ప్రోగ్రామ్ దాన్ని చూశాక `cur` లోకి మారుస్తారు. తాళాలు, డేటాబేస్ ఏవీ లేకుండానే ఉత్తరాలు చెడిపోకుండా ఉండడానికి కారణం, పేరు మార్చడం అనే పనికి ఉన్న ఒక గుణం. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో `rename` అన్నది అవిభాజ్యం. చూసేవారికి ఫైల్ పాత చోట కనబడుతుంది, లేకపోతే కొత్త చోట కనబడుతుంది. సగం ఇక్కడ, సగం అక్కడ అన్న స్థితి ఎవరికీ కనబడదు.

ఇందులో "ఒకే ఫైల్‌సిస్టమ్‌లో" అన్న షరతును చాలామంది చదివి వదిలేస్తారు. `incoming` ఒక డిస్కులో, `ready` మరొక డిస్కులో ఉంటే `mv` ఆదేశం ఫిర్యాదు చేయదు. చప్పుడు లేకుండా కాపీ చేసి, పాతదాన్ని చెరిపేస్తుంది. అంటే ఏ సగం ఫైల్ సమస్యను తప్పించుకోవాలనుకున్నామో అది మన చేతుల మీదుగానే వెనక్కి వస్తుంది. ప్రోగ్రామ్ నుంచి నేరుగా `rename` పిలిస్తే మాత్రం `Invalid cross-device link` అన్న సందేశం కనిపిస్తుంది. కంటెయినర్లలో నడిపేవారికి ఇంకొక మెలిక ఉంది. రెండు ఫోల్డర్లనూ విడివిడిగా మౌంట్ చేస్తే, లోపల ఉన్న డిస్కు ఒక్కటే అయినా ఇదే సందేశం వస్తుంది. అందువల్ల ఐదు ఫోల్డర్లను ఒక్కొక్కటిగా కాకుండా వాటన్నిటికీ పైనున్న `queue` ను ఒక్కదాన్నే మౌంట్ చేయాలి.

## కనిపించిన ఫైల్ పూర్తయిన ఫైల్ కాదు

ఎనిమిది మెగాబైట్ల ఫొటోను సెకనుకు ఒక మెగాబైట్ చొప్పున పంపే నెట్‌వర్క్ మీదుగా `incoming` లోకి కాపీ చేస్తున్నారనుకుందాం. మొదటి క్షణంలోనే ఫైల్ పేరు ఫోల్డర్‌లో కనిపిస్తుంది, చివరి బైట్ రావడానికి మాత్రం ఎనిమిది సెకన్లు పడుతుంది. మన ప్రోగ్రామ్ మూడో సెకనులో చూస్తే దానికి మూడు మెగాబైట్ల ఫైల్ దొరుకుతుంది. సాధారణ జేపెగ్ బొమ్మ పైనుంచి కిందికి వరుసలుగా నిల్వ ఉంటుంది కాబట్టి, పై భాగం చక్కగా, కింది భాగం బూడిదరంగు పలకలా వస్తుంది. ప్రోగ్రెసివ్ జేపెగ్ విషయంలో ప్రమాదం ఇంతకంటే మెత్తనిది: ఆ పద్ధతిలో మొత్తం బొమ్మ ముందు మసకగా, తరవాత దశలవారీగా స్పష్టంగా నిల్వ ఉంటుంది. అందువల్ల సగం ఫైల్ పంపినా చట్రం నిండుగానే కనిపిస్తుంది, కాస్త మెత్తగా ఉందేమిటా అనిపిస్తుందంతే. అలాంటి పోస్టులు వారాల తరబడి వెళ్లినా ఎవరూ పట్టుకోకపోవచ్చు.

ఫైల్ పూర్తయిందని తెలుసుకోవడానికి వాడుకలో ఉన్న మార్గాలు ప్రధానంగా మూడు, వాటిలో ఏదీ ఒంటరిగా సరిపోదు. మొదటిది, వేసేవారే సాయపడటం: ఫైల్‌ను తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చడం. `rsync` ఈ పని తనంతట తానే చేస్తుంది. చుక్కతో మొదలయ్యే దాచిన పేరుతో రాసి, చివర్లో పేరు మారుస్తుంది. అందువల్ల చుక్కతో మొదలయ్యే పేర్లను పట్టించుకోకపోవడం అన్నది మన ప్రోగ్రామ్‌లో మొదటి నియమం కావాలి. అయితే ఫైల్ మేనేజర్‌లో బొమ్మను లాగి వదిలే మనిషి నుంచి ఈ క్రమశిక్షణ ఆశించలేం.

రెండోది, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం. లినక్స్‌లో `inotify` అనే సదుపాయం, రాయడానికి తెరిచిన ఫైల్ మూతపడినప్పుడు `IN_CLOSE_WRITE` అని, వేరొక చోటి నుంచి పేరు మారి వచ్చినప్పుడు `IN_MOVED_TO` అని కబురు పంపుతుంది. వినడానికి ఇదే అసలైన పరిష్కారంలా ఉంటుంది. కాని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో మరొక యంత్రం చేసిన మార్పుల కబురు ఈ దారిన రాదు. ప్రోగ్రామ్ ఆగి ఉన్న సమయంలో వచ్చిన ఫైళ్ల కబురూ రాదు. ఒకేసారి వేల ఫైళ్లు పడితే కబుర్ల వరుస నిండిపోయి కొన్ని జారిపోతాయి. కాబట్టి ఎలాగూ అప్పుడప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని చదవక తప్పదు.

మూడోది, నిలకడ చూడటం. నిర్ణీత వ్యవధిలో ఫైల్ పరిమాణాన్నీ, మార్పు సమయాన్నీ గుర్తుపెట్టుకుని, వరుసగా మూడుసార్లు మారకపోతే పూర్తయిందని భావించడం. నెట్‌వర్క్ నలభై సెకన్లు ఆగి మళ్లీ మొదలైతే ఈ లెక్క మోసపోతుంది. దీనికి తోడుగా బొమ్మను నిజంగా తెరిచి చూడాలి, ఇక్కడా ఒక మోసం ఉంది. పైథాన్‌లో విరివిగా వాడే పిల్లో లైబ్రరీలో `Image.open()` ఫైల్ మొదటి భాగాన్ని మాత్రమే చదువుతుంది. సగం ఫైల్ అయినా దాని వెడల్పు, ఎత్తు చెప్పేస్తుంది. `load()` పిలిచినప్పుడే మొత్తం బొమ్మ విప్పబడి, తెగిన ఫైల్ దొరికిపోతుంది.

```
with Image.open(path) as im:
    im.load()      # తెగిన ఫైల్ ఇక్కడ OSError ఇస్తుంది
```

జేపెగ్ ఫైల్ `FF D9` అన్న రెండు బైట్లతో ముగుస్తుంది కదా, చివర చూస్తే చాలదా అని కొందరు అడుగుతారు. కొన్ని ఫోన్లు ఆ ముగింపు గుర్తు తరవాత చిన్న వీడియోను గానీ, అదనపు సమాచారాన్ని గానీ అతికిస్తాయి. అలాంటి మంచి బొమ్మలను ఈ పరీక్ష తప్పుపడుతుంది. అందువల్ల పూర్తిగా విప్పి చూడటమే నమ్మదగినది.

నా ఉద్దేశంలో పది సెకన్లకు ఒకసారి చూసి, మూడుసార్లు మారకపోతే విప్పి చూసి, అప్పుడు `ready` లోకి మార్చడం సరిపోతుంది. దీనివల్ల అర నిమిషం ఆలస్యమవుతుంది. ఆ పోస్ట్ వెళ్లవలసింది రేపు ఉదయం. క్షణాల్లో స్పందించే ఏర్పాటు కోసం రోజుల తరబడి శ్రమించేవారిని చూసినప్పుడు, షెడ్యూల్ చేసే వ్యవస్థకు లేని సమస్యను పరిష్కరిస్తున్నారనిపిస్తుంది.

## జత ఇంకా రాలేదా, అసలు రాదా?

బొమ్మకూ, క్యాప్షన్‌కూ ముడి పేరుతోనే వేస్తారు. `vaana-03.jpg` కు `vaana-03.txt` జత. బొమ్మ వచ్చింది, టెక్స్ట్ రాలేదు. ఇది క్యాప్షన్ అక్కరలేని పోస్టా, ఇంకా రాస్తూ ఉన్న పోస్టా? ఫోల్డర్‌కు లేకపోవడమూ, ఆలస్యమవడమూ ఒకేలా కనిపిస్తాయి.

కొందరు గడువు పెడతారు: పది నిమిషాల్లో టెక్స్ట్ రాకపోతే క్యాప్షన్ లేనట్టే. ఇది వేసేవారికి సుఖంగా ఉంటుంది గాని, క్యాప్షన్ రాస్తూ ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయిన రోజున మాటలు లేని బొమ్మ బయటికి పోతుంది. ఇంకొందరు ఒక్కో పోస్టుకు ఒక్కో ఉపఫోల్డర్ పెట్టి, అంతా సిద్ధమయ్యాక ఆ ఉపఫోల్డర్‌ను `incoming` లోకి తరలించమంటారు. బొమ్మలు నాలుగైదు ఉన్న పోస్టులకు ఇదే శుభ్రమైన పద్ధతి. రోజుకు ఒక్క ఫొటో వేసేవారికి మాత్రం ప్రతిదానికీ ఒక ఫోల్డర్ సృష్టించడం విసుగు తెప్పిస్తుంది, విసుగొచ్చిన నియమాన్ని మనుషులు పాటించరు. మూడో పద్ధతి, క్యాప్షన్ ఫైల్‌ను తప్పనిసరి చేయడం. మాటలు వద్దనుకుంటే ఖాళీ టెక్స్ట్ ఫైల్ వేయాలి. ఖాళీ ఫైల్ అంటే "నేను ఆలోచించే వదిలేశాను" అన్న మాట. ఫైల్ లేకపోవడం అంటే "ఇంకా ఉంది ఆగు" అన్న మాట. గడువు కంటే ఈ పద్ధతిని నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇందులో ప్రోగ్రామ్ ఊహించవలసినది ఏమీ మిగలదు. బొమ్మలు ఒకటి కంటే ఎక్కువైతే క్యాప్షన్ ఫైల్ మొదటి వరుసలో `images: 3` అని రాయించాలి. అప్పుడు మూడోది వచ్చేవరకు ప్రోగ్రామ్ కదలదు.

ఇక పేర్లు సరిపోల్చడంలోనే చాలా గంటలు కరిగిపోతాయి. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి తోకను దాచిపెడుతుంది. బొమ్మ పేరును తోకతో సహా టెక్స్ట్ ఫైల్‌కు పెట్టినవారు తమకు తెలియకుండానే `vaana-03.jpg.txt` ను సృష్టిస్తారు. కెమెరా నుంచి వచ్చిన తోక `.JPG` అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇవి కంటికి కనబడే తేడాలు కాబట్టి త్వరగానే దొరుకుతాయి.

కంటికి కనబడనివి తెలుగు పేర్లలో ఉన్నాయి. `మైదానం.jpg`, `మైదానం.txt` అని రెండు ఫైళ్లు వచ్చాయి, తెర మీద అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి, ప్రోగ్రామ్ మాత్రం జత లేదంటుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాల రాయవచ్చు: `U+0C48` అన్న ఒకే సంకేతంగా, లేదా ఎత్వం `U+0C46`, దాని కింద చేరే గుర్తు `U+0C56` అన్న రెండు సంకేతాలుగా. మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైల్‌సిస్టమ్ పేర్లను విడదీసి నిల్వ చేసేది. అక్కడినుంచి వచ్చిన పేరు, మరొక చోట టైపు చేసిన పేరుతో బైట్ల లెక్కలో కలవదు. పోల్చే ముందు రెండు పేర్లనూ `unicodedata.normalize("NFC", name)` ద్వారా ఒకే రూపానికి తేవాలి. అంతటితోనూ అయిపోలేదు. "ఫోల్డర్‌లో" వంటి మాటల్లో పొల్లు నిలవడానికి మధ్యన టైపు చేసే కనబడని అక్షరం `U+200C`, ఒక పేరులో ఉండి మరొక పేరులో లేకపోతే, ఆ సాధారణీకరణ దాన్ని తొలగించదు. జత చూడటానికి వాడే పేరు నుంచి మనమే తీసేయాలి. ఫైల్ పేరుకు అనేక ఫైల్‌సిస్టమ్‌లలో ఉన్న 255 బైట్ల పరిమితి కూడా తెలుగుకు త్వరగా అడ్డొస్తుంది. ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కాబట్టి తోకతో కలిపి 85 సంకేతాల లోపే ముగించాలి, అందులో గుణింతాలు, పొల్లులు విడిగా లెక్కకు వస్తాయి.

## తప్పును ఎప్పుడు చెప్పాలి?

పోస్ట్ వెళ్లకపోవడానికి చాలా కారణాలు ముందే తెలుసుకోదగ్గవి. వాటిని పంపే క్షణంలో కాకుండా, ఫైల్ వేసిన మొదటి నిమిషంలోనే చెప్పాలి. అప్పటికి వేసిన మనిషి ఇంకా అక్కడే ఉంటారు.

క్యాప్షన్ పొడవు ఇందుకు మంచి ఉదాహరణ. సోషల్ మీడియా సేవల్లో మాస్టడాన్‌లో మామూలు పరిమితి 500 అక్షరాలు, బ్లూస్కైలో 300. అక్షరం అంటే ఏమిటన్న దగ్గర లెక్కలు విడిపోతాయి. "క్షి" అన్నది మనకు ఒక అక్షరం. పైథాన్ `len` కు క, పొల్లు, ష, గుడి కలిపి నాలుగు. కంటికి ఒకటిగా కనిపించే గుంపులను లెక్కించే లైబ్రరీల్లోనూ పాత నియమాల ప్రకారం రెండు, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం ఒకటి. అందువల్ల పరిమితికి అంచున ఉన్న తెలుగు క్యాప్షన్‌ను మన దగ్గరి లెక్క సరే అన్నా, అవతలి సర్వర్ కాదనవచ్చు. అంచుదాకా పోకుండా పదో వంతు ఖాళీ ఉంచి తనిఖీ చేయడం తెలివైన పని.

లోపం దొరికినప్పుడు దాన్ని లాగ్‌లో రాసి ఊరుకుంటే వేసినవారు చూడరు. వారికి కనబడేది ఫోల్డర్ ఒక్కటే. కాబట్టి ఫైళ్లను `failed` లోకి మార్చి, పక్కనే కారణం రాసిన చిన్న ఫైల్ పెట్టాలి. దాని పేరు `vaana-03.error.txt` అని పెడితే, సరిచేసినవారు అన్నిటినీ కలిపి తిరిగి `incoming` లో వేసినప్పుడు, "క్యాప్షన్ మరీ పొడవుగా ఉంది" అన్న మాటలే క్యాప్షన్‌గా పొరపాటు పడే అవకాశం ఉంటుంది. తోక `.why` లాంటిదైతే ఆ బెడద లేదు.

## సమయం ఫైల్ పేరులోనా, వరుసలోనా?

షెడ్యూల్ విషయంలో రెండు వాదాలు ఉన్నాయి, రెండింటికీ బలమైన కారణాలున్నాయి. ఒక వాదం ప్రకారం సమయం ఫైల్ పేరులోనే ఉండాలి: `20250612-0900-vaana.jpg`. ఏది ఎప్పుడు వెళ్తుందో ఫోల్డర్ చూస్తేనే తెలుస్తుంది. రెండో వాదం ప్రకారం రోజుకు కొన్ని స్లాట్లు, ఉదాహరణకు 09:00, 18:00, నిర్ణయించి, ప్రతి స్లాట్‌కూ వరుసలో ముందున్న దాన్ని పంపాలి. అప్పుడు వేసేవారు సమయం గురించి ఆలోచించనక్కరలేదు.

యంత్రం ఆగిపోయిన రోజున ఈ రెండింటి తేడా బయటపడుతుంది. ఉదయం 08:40 నుంచి రాత్రి 19:10 వరకు విద్యుత్తు లేదనుకుందాం. పేర్లలో సమయం ఉన్న పద్ధతిలో 09:00, 13:00, 18:30 లకు వెళ్లవలసిన మూడు పోస్టులు గడువు దాటిపోయి ఉంటాయి. గడువు దాటినవన్నీ పంపు అని రాసిన సాదా స్క్రిప్ట్, యంత్రం లేచిన మరుక్షణమే మూడింటినీ వరుసగా కుమ్మరిస్తుంది. "శుభోదయం" అన్న మాట రాత్రి ఏడు దాటాక వెళ్తుంది. ఒక గంట ఆలస్యాన్ని మాత్రమే అనుమతిస్తే 18:30 పోస్ట్ నలభై నిమిషాల ఆలస్యంతో వెళ్తుంది, మిగతా రెండూ `failed` లోకి చేరి మనిషి నిర్ణయం కోసం ఉంటాయి. స్లాట్ల పద్ధతిలో గడిచిపోయిన రెండు స్లాట్లు ఊరికే పోతాయి. వరుస ఒక రోజు వెనక్కి జరుగుతుంది, ఏ పోస్టూ పోదు. సందర్భంతో ముడిపడిన పోస్టులకు మొదటిది, ఎప్పుడు వెళ్లినా ఫరవాలేని వాటికి రెండోది నప్పుతాయి. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండటానికి అడ్డేమీ లేదు: పేరు ముందు తేదీ ఉంటే అది ఆ సమయానిది, లేకపోతే స్లాట్‌ది.

స్లాట్ల పద్ధతిలో "ముందున్నది" అంటే ఏదన్నది తేల్చుకోవాలి. ఫైల్ మార్పు సమయాన్ని నమ్మకూడదు. కొన్ని సాధనాలు కాపీ చేసేటప్పుడు పాత సమయాన్ని నిలుపుతాయి, కొన్ని కొత్తది వేస్తాయి. పేరు క్రమమే నిలకడైనది, అయితే `vaana-10` అన్నది `vaana-2` కంటే ముందు వస్తుంది కాబట్టి అంకెలకు ముందు సున్నాలు చేర్చాలి. పేరులో రాసిన 0900 ఏ ప్రాంతపు తొమ్మిది గంటలో కూడా అమరికల్లో ఒకచోట రాసి ఉండాలి, లేకపోతే యూటీసీ గడియారంతో నడిచే సర్వర్ తన లెక్కనే ఖాయం చేసుకుంటుంది.

షెడ్యూల్ పనిని అవతలి సేవకే అప్పగించే దారి కూడా ఉంది. మాస్టడాన్ `scheduled_at` అన్న అంశాన్ని, కనీసం ఐదు నిమిషాల తరవాతి సమయమైతే, అంగీకరిస్తుంది. మన యంత్రం ఆగినా పోస్ట్ వెళ్తుంది. దానికి బదులుగా పోయేది, ఫోల్డర్ పద్ధతికి ప్రాణం వంటి ఒక సౌకర్యం: ఫైల్‌ను తీసేస్తే పోస్ట్ రద్దయినట్టే అన్న నమ్మకం. ఒకసారి అప్పగించాక ఫోల్డర్ ఖాళీ చేసినా పోస్ట్ వెళ్లే తీరుతుంది.

## వెళ్లిందో లేదో తెలియని కొన్ని సెకన్లు

మూడు ప్రశ్నల్లో ఇదే కఠినమైనది. వరుస ఇలా ఉంటుంది: ఫైళ్లను `ready` నుంచి `sending` కు మార్చాలి, బొమ్మను అప్‌లోడ్ చేయాలి, పోస్ట్ అభ్యర్థన పంపాలి, జవాబు రాగానే `sent` కు మార్చాలి. మొదటి అడుగులోనే ఒక లాభం ఉంది. పొరపాటున ప్రోగ్రామ్ రెండు ప్రతులు నడుస్తున్నా, `rename` ఒకదానికే ఫలిస్తుంది. రెండోదానికి ఫైల్ లేదన్న జవాబు వస్తుంది, అది మరో ఫైల్ చూసుకుంటుంది. పోస్టులో బొమ్మ, టెక్స్ట్ అని రెండు ఫైళ్లుంటాయి కాబట్టి ఎప్పుడూ టెక్స్ట్ ఫైల్‌నే ముందు మార్చాలన్న నియమం పెట్టుకోవాలి. ప్రోగ్రామ్ రెండు ప్రతుల్లో ఆ ఫైల్‌ను దక్కించుకున్నదే పోస్టును పంపుతుంది.

చిక్కంతా అభ్యర్థన పంపడానికీ, జవాబు రావడానికీ మధ్య ఉంది. నేను రాసిన మొదటి స్క్రిప్టులో జవాబు కోసం పది సెకన్లు వేచి, రాకపోతే మళ్లీ పంపమని ఉండేది. ఒక సాయంత్రం అవతలి సర్వర్ నెమ్మదించింది. అది పదకొండో సెకనులో, పన్నెండో సెకనులో, ఆలస్యంగానైనా, ప్రతి అభ్యర్థననూ నెరవేర్చింది. ఒకే ఫొటో నాలుగుసార్లు వెళ్లింది. స్క్రిప్ట్ దృష్టిలో మాత్రం అది నాలుగు వైఫల్యాలు.

జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. జరిగిందో లేదో తెలియదని అర్థం. తెలియనప్పుడు మళ్లీ పంపితే రెండుసార్లు వెళ్లే ప్రమాదం, పంపకపోతే అసలు వెళ్లని ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఎంపిక మన చేతిలో ఉంది గాని, రెండింటినీ మనంతట మనమే తప్పించుకోవడం సాధ్యం కాదు. అవతలి సేవ సాయం కావాలి. మాస్టడాన్ ఆ సాయాన్ని `Idempotency-Key` అనే హెడర్ రూపంలో ఇస్తుంది. ఒకే కీతో రెండుసార్లు అడిగితే రెండో పోస్ట్ సృష్టించకుండా మొదటిదాన్నే తిరిగి చూపిస్తుంది. ఈ కీలను గంట వరకు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మన మలి ప్రయత్నాలు ఆ గంటలోపే ముగియాలి.

కీని ఎలా తయారుచేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుట్టిస్తే దాని ప్రయోజనమే ఉండదు. అందువల్ల ఫైల్ `sending` లోకి మారినప్పుడే ఒక కీ కేటాయించి, పంపకముందే డిస్కు మీద రాసిపెట్టాలి. కీతో పాటు ప్రతి అడుగునూ వరుసగా రాసుకునే ఆ ఫైల్‌ను పుస్తకం అందాం, అది ఇలా ఉంటుంది:

```
18:00:00 claim  vaana-03
18:00:00 key    7f3a91c2
18:00:04 media  ok
18:00:04 post   request
```

నాలుగో వరుస తరవాత యంత్రం ఆగిపోయిందనుకుందాం. తిరిగి లేచిన ప్రోగ్రామ్ `sending` లో `vaana-03` ను చూస్తుంది, పుస్తకంలో `post request` ఉండి దాని ఫలితం లేదని గమనిస్తుంది. సమయం 18:25 అయితే అదే కీతో నిశ్చింతగా మళ్లీ అడగవచ్చు. 21:00 అయితే కీ గడువు తీరిపోయింది. అప్పుడు మన ఖాతాలోని ఇటీవలి పోస్టులను తెప్పించుకుని, 18:00 తరవాత అదే క్యాప్షన్‌తో ఏదైనా ఉందేమో చూడాలి. ఉంటే `sent` కు, లేకపోతే మళ్లీ వరుసలోకి. ఖాళీ క్యాప్షన్ పోస్టులకు ఈ పోలిక పనిచేయదు కాబట్టి వాటిని `failed` లో పెట్టి మనిషికి వదలడమే మేలు. పుస్తకంలో `media ok` వరకే ఉండి, `post request` లేకపోతే సందేహమే లేదు, పోస్ట్ వెళ్లలేదు. అప్‌లోడ్ అయిన బొమ్మ ఒక్కటే ఎవరికీ కనబడదు.

## ఇంతా చేసి, డేటాబేస్ ఎందుకు కాకూడదు?

పుస్తకం రాయడం మొదలుపెట్టగానే ఈ ప్రశ్న సహజంగా వస్తుంది. స్థితులు, కీలు, సమయాలు అన్నీ `SQLite` వంటి ఒక చిన్న డేటాబేస్‌లో పెడితే, ఒకే లావాదేవీలో అన్నిటినీ మార్చవచ్చు, "వచ్చే వారం ఏమేమి ఉన్నాయి" అని ఒక్క వరుసలో అడగవచ్చు. ఈ వాదనలో బలం ఉంది. అయితే బొమ్మలు ఎలాగూ ఫైళ్లుగానే ఉంటాయి. డేటాబేస్ ఒక మాట, ఫోల్డర్ ఇంకొక మాట చెప్పే రోజు వస్తుంది: ఎవరో ఫైల్‌ను తొలగిస్తారు, డేటాబేస్‌లో మాత్రం అది సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు ఎవరి మాట నమ్మాలన్నది ముందే నిర్ణయించి ఉండాలి.

నాకు సబబుగా తోచిన విభజన ఇది. మనిషి ఉద్దేశానికి, అంటే ఏమి పంపాలి, ఎప్పుడు పంపాలి, ఏది రద్దు చేయాలి అన్నవాటికి, ఫోల్డరే సాక్షి. బయటి ప్రపంచంతో జరిగినదానికి, అంటే ఏ కీ వాడాం, ఏ జవాబు వచ్చింది అన్నవాటికి, పుస్తకమే సాక్షి. అది టెక్స్ట్ ఫైలైనా, డేటాబేసైనా. ఒకే సంగతిని రెండు చోట్లా రాయకపోతే రెండూ గొడవపడే అవకాశం ఉండదు.

ఈ విభజన ఎక్కడ పగులుతుందో కూడా చెప్పుకోవాలి. ఒకరు `incoming` లోని క్యాప్షన్‌ను ఎడిటర్‌లో తెరిచి ఉంచారు. ఈలోగా జత పూర్తయిందని ప్రోగ్రామ్ దాన్ని `ready` లోకి మార్చేసింది. వారు ఒక అచ్చుతప్పు దిద్ది సేవ్ నొక్కితే, చాలా ఎడిటర్లు పాత దారిలోనే, అంటే `incoming` లోనే, కొత్త ఫైల్ సృష్టిస్తాయి. దిద్దని క్యాప్షన్ పోస్టుగా వెళ్తుంది, దిద్దినది బొమ్మ లేని అనాథగా మిగిలిపోతుంది. అందువల్ల `incoming` లో బొమ్మ లేకుండా పావుగంటకు మించి ఉన్న టెక్స్ట్ ఫైల్‌ను ప్రోగ్రామ్ నిర్లక్ష్యం చేయకూడదు. అదే పేరు గల పోస్ట్ ఇంకా `ready` లోనే ఉంటే, దాని క్యాప్షన్ స్థానంలో ఈ కొత్తదాన్ని ఉంచవచ్చు. `sent` లోకి వెళ్లిపోయి ఉంటే, దిద్దుబాటు ఆలస్యంగా వచ్చిందని `.why` ఫైల్‌లో రాసి `failed` లో పెట్టడం తప్ప చేయగలిగింది లేదు.